వెళ్ళిన ఓడ తిరిగి రావాలి

మా మేనకోడలు గ్రూప్స్‌కి చదువుతోంది. పోయిన మార్చిలో బందరు వచ్చినప్పుడు ఒక ప్రశ్న నా ముందు పెట్టింది: "యూరప్ వాళ్ళు సముద్రాలు దాటి వలసలు ఏర్పరచుకోవడానికి నౌకాబలం, నౌకాయాన పరిజ్ఞానం ఎలా తోడ్పడ్డాయో ఒక్క పేరాలో రాయాలి మావయ్యా." గైడులో ఉన్న జవాబు కూడా చూపించింది. దిక్సూచి కనిపెట్టారు, అస్ట్రోలేబ్ కనిపెట్టారు, కారవెల్ అనే ఓడ కట్టారు, తుపాకిమందు వాడారు. అందువల్ల బయలుదేరారు. అంతే.

ఆ జవాబు చదివితే నాకు కడుపు మండింది. ఒక్కటీ వాళ్ళు కనిపెట్టింది కాదు. దిక్సూచి చైనాది. అస్ట్రోలేబ్‌ను, అంటే సూర్యుడి ఎత్తు, చుక్కల ఎత్తు కొలిచే పరికరాన్ని, గ్రీకుల తర్వాత వందల ఏళ్ళు సానబట్టింది అరబ్బులు. గాలికి ఎదురు నడవగల ముక్కోణపు తెరచాప మధ్యధరాలోనూ అరేబియా సముద్రంలోనూ ఎప్పటినుంచో ఉంది. తుపాకిమందూ చైనాదే. వస్తువులుంటే సరిపోయేదైతే చైనా వాళ్ళే ముందు లోకమంతా ఏలాలి. జెంగ్ హ అనే నౌకాధిపతి 1405 నుంచి 1433 లోపల ఏడుసార్లు పెద్ద పెద్ద నౌకాదళాలతో హిందూ మహాసముద్రం తిరిగాడు, కేరళలోని కళ్ళికోటకూ వచ్చాడు. ఆ తర్వాత వాళ్ళ ప్రభుత్వమే ఆ యాత్రలు మానేసింది.

నేను చెప్పదలచుకున్నది వేరు. తెలియని సముద్రంలోకి పోవడం కష్టం కాదు, గాలి వెనకనుంచి తోస్తే ఓడ అదే పోతుంది. తిరిగి రావడం కష్టం. పోర్చుగీసు వాళ్ళు పదిహేనో శతాబ్దమంతా నేర్చుకున్నది ముఖ్యంగా అది. తిరిగి రావడం తెలిశాక ఆ ఓడ మీద ఫిరంగి పెట్టారు. వలసల చరిత్ర మొదలైంది అక్కడ.

ఆఫ్రికా పడమటి తీరం మీద, ఇప్పటి పశ్చిమ సహారాలో, బొజదోర్ అనే అగ్రం ఉంది. 1434లో జిల్ ఎయానెష్ దాన్ని దాటి వచ్చేదాకా పోర్చుగీసు నావికులు దాని అవతలికి పోవడానికి వణికేవారు. అక్కడ రాక్షసులుంటారని భయమని పుస్తకాలు రాస్తాయి. కానీ నావికుడి భయానికి మరో కారణం ఉంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. సముద్రపు ప్రవాహం కూడా దక్షిణానికే లాగుతుంది. లిస్బన్ నుంచి కిందికి దిగుతుంటే గాలీ నీరూ రెండూ మనవైపే, ఇంటి ముఖం పట్టగానే రెండూ ఎదురు. కారవెల్ తేలికపాటి ఓడ, ముక్కోణపు తెరచాపతో గాలికి కాస్త ఏటవాలుగా అటొకసారి ఇటొకసారి మళ్ళుతూ ముందుకు రాగలదు. కానీ వందల మైళ్ళు అలా ఎదురీదుతూ రావాలంటే ఓడలో తాగే నీళ్ళు ముందు అయిపోతాయి.

దారి దొరికింది తీరం వెంబడి కాదు. ఇంటికి రావాలంటే ఇంటికి దూరంగా పోవాలి. ఆఫ్రికా తీరం వదిలి, ఆ ఈశాన్యపు గాలిని పక్కనుంచి పట్టుకుని, వాయవ్యంగా నడి అట్లాంటిక్‌లోకి పోతారు. రోజుల తరబడి నేల కనబడదు. అజోర్స్ దీవుల అక్షాంశం దాకా ఎక్కితే అక్కడ గాలి మారుతుంది, పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. ఇక ఆ గాలే పోర్చుగల్ దాకా తెచ్చి దింపుతుంది. పోర్చుగీసు వాళ్ళు దీన్ని 'వోల్తా దొ మార్' అన్నారు, అంటే సముద్రం మీదుగా మళ్ళడం. ఇది ఒక్కడు ఒక్కరోజు కనిపెట్టింది కాదు. చేపలకూ వ్యాపారానికీ బానిసల వేటకూ తిరిగిన ఓడలు దశాబ్దాల పాటు పోగేసిన తెలివిడి.

ఇక్కడ మన సముద్రంతో ఒక పోలిక చెప్పాలి, నన్ను ఈ విషయంలోకి లాగింది ఆ పోలికే. హిందూ మహాసముద్రంలో నావికుడికి తిరుగుప్రయాణం చిక్కు ఏనాడో విడిపోయింది. వేసవి తర్వాత గాలి నైరుతి నుంచి, చలికాలంలో ఈశాన్యం నుంచి. ఒక గాలికి పోయి, రేవులో నాలుగు నెలలు ఆగి, రెండో గాలికి తిరిగి రావచ్చు. మన దగ్గర గాలి కాలాన్ని బట్టి తిరుగుతుంది. అట్లాంటిక్‌లో గాలి అలా తిరగదు, చోటును బట్టి మారుతుంది. ఇక్కడ ఒక గాలైతే వెయ్యి మైళ్ళ అవతల వేరే గాలి. కాబట్టి మన సరంగు ఓపిక పడితే చాలు, పోర్చుగీసు వాడు మాత్రం నడిసముద్రంలోకి పోక తప్పదు. నడిసముద్రంలోకి పోయినవాడికి తీరపు గుర్తులు ఉండవు. తానెక్కడున్నాడో ఆకాశాన్నే అడగాలి. వాళ్ళు లెక్కల మీద పడ్డారంటే మనకంటే తెలివైనవాళ్ళని కాదు, వాళ్ళ సముద్రం వాళ్ళ చేత ఆ పని చేయించింది.

మొదట ధ్రువ నక్షత్రం. బందరులో రాత్రి ఉత్తరానికి తిరిగి చెయ్యి చాచి పిడికిలి బిగించి చూడండి. చాచిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు. ధ్రువుడు నేలకు ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తులో ఉంటాడు, ఎందుకంటే మన అక్షాంశం పదహారు డిగ్రీలు. లిస్బన్‌లో దాదాపు నాలుగు పిడికిళ్ళు. దక్షిణానికి దిగుతున్న కొద్దీ ఆ చుక్కా దిగుతుంది. అరబ్బు నావికులు ఒక చిన్న చెక్కపలక, దానికి ముడులు వేసిన దారంతో ఈ ఎత్తు కొలిచేవాళ్ళు, దాని పేరు కమాల్. పోర్చుగీసు వాళ్ళూ ఈ చుక్కనే నమ్ముకుని ఆఫ్రికా తీరం దిగారు. 1470లలో భూమధ్యరేఖ దగ్గరికి చేరేసరికి చుక్క సముద్రంలో మునిగిపోయింది.

ఇక మిగిలింది సూర్యుడు. మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. కానీ సూర్యుడు ధ్రువుడిలా ఒకచోట ఉండడు. ఏడాదిలో భూమధ్యరేఖకు ఉత్తరంగా ఇరవై మూడున్నర డిగ్రీలు, దక్షిణంగా ఇరవై మూడున్నర డిగ్రీలు ఊగుతాడు. మన పంచాంగ కర్తలు దీన్నే క్రాంతి అంటారు. ఏ రోజున క్రాంతి ఎంతో తెలియకుండా ఎత్తు ఎంత బాగా కొలిచినా పనికిరాదు.

మా మేనకోడలికి ఇది నోటితో చెబితే ఎక్కలేదు. అదృష్టవశాత్తూ మార్చి 21 దగ్గర్లోనే ఉన్నాం. ఆ రోజుల్లో క్రాంతి సున్నా, లెక్క తేలిక. డాబా మీద ఒక మీటరు కర్రను మట్టం చూసి నిటారుగా నిలబెట్టాం. బందరులో ఆ రోజు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చేది గడియారం ప్రకారం పన్నెండుకు కాదు, పన్నెండూ పదమూడుకి. పన్నెండు నుంచీ రెండు నిమిషాలకొకసారి నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెట్టాం. అన్నిటికంటే పొట్టి నీడ ముప్పై ఒక్క సెంటీమీటర్లు వచ్చింది. లెక్క కడితే పదిహేడు డిగ్రీల పైచిలుకు. ఉండాల్సింది పదహారూ చిల్లర, నీడ ఇరవై తొమ్మిది సెంటీమీటర్లు రావాలి. నీడ కొస మసకగా ఉంటుంది, కర్ర వెంట్రుకవాసి వంగి ఉంటుంది, ఆ రెండు సెంటీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పలేం. ఒక డిగ్రీ తప్పు అంటే నూట పదకొండు కిలోమీటర్లు. కదలని డాబా మీద నిలబడి, బందరులో ఉన్నవాళ్ళం పిఠాపురం దాటిపోయాం. ఊగే ఓడ మీద, చేత్తో వేలాడేసి పట్టుకున్న అస్ట్రోలేబ్‌తో కొలిచేవాడి పాట్లు అప్పుడు అర్థమయ్యాయి దానికి.

ఇప్పుడు వాస్కో ద గామా దగ్గరికి వద్దాం. 1497 జులై 8న నాలుగు ఓడలతో లిస్బన్ వదిలాడు. ఆగస్టు 3న కేప్ వర్దీ దీవుల నుంచి బయలుదేరి, ఆఫ్రికా తీరం పట్టుకోకుండా నడి అట్లాంటిక్‌లోకి పోయాడు. కారణం పాతదే. భూమధ్యరేఖకు దక్షిణాన గాలి ఆగ్నేయం నుంచి ఎదురు కొడుతుంది, అంచేత పడమటికి వంపు తిరిగి, బాగా దక్షిణానికి దిగి, అక్కడి పడమటి గాలిని పట్టుకోవాలి. వోల్తా దొ మార్‌నే అద్దంలో తిప్పి చూసినట్టు. మూడేళ్ళ తర్వాత కబ్రాల్ అనే మరో పోర్చుగీసు నౌకాధిపతి ఇదే వంపు ఇంకాస్త పడమటికి పోయి 1500 ఏప్రిల్‌లో బ్రెజిల్ తీరం చూశాడు. కొలంబస్ కెనరీ దీవులు దాటాక నేల చూడకుండా గడిపింది అయిదు వారాలు. గామా మనుషులు మూడు నెలలు చూడలేదు. నవంబరు 4న నేల కనబడింది. 8న ఇప్పటి దక్షిణాఫ్రికాలో సెయింట్ హెలీనా అఖాతంలో లంగరు వేశారు.

దిగగానే అతను చేసిన పని గురించి పోర్చుగీసు చరిత్రకారుడు బరోష్ రాశాడు. ఓడ ఊగుతుంటే కొలత నమ్మలేక, మూడు జానల వెడల్పున్న చెక్క అస్ట్రోలేబ్‌ను ఒడ్డుకు దింపి, మూడు కర్రలు కట్టి దానికి వేలాడదీసి సూర్యుణ్ణి కొలిచారట. అక్కడ వచ్చే లెక్కను నేను ఈనాటి అంకెలతో వేసి చూశాను. వాళ్ళ కేలెండరు అప్పటికి మనదానికంటే తొమ్మిది రోజులు వెనక, కాబట్టి వాళ్ళ నవంబరు 8 మనకు 17. ఆ రోజు సూర్యుడి క్రాంతి దక్షిణంగా 19 డిగ్రీలు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా దాదాపు 14 డిగ్రీల దూరంలో ఉంటాడు. రెండూ కలిపితే 33. ఆ అఖాతం అక్షాంశం 32 డిగ్రీల ముప్పావు. క్రాంతి పట్టిక లేక సూర్యుడు భూమధ్యరేఖ మీదే ఉన్నాడనుకుంటే 14 వస్తుంది, అంటే అంగోలా తీరం, రెండు వేల కిలోమీటర్ల పైన తప్పు.

గుడ్‌హోప్ అగ్రం అక్కడికి ముప్పై లీగుల దూరం, అంటే ఇంచుమించు నూట ఎనభై కిలోమీటర్లు, ఉంటుందని ఓడ నడిపే పెరో ద అలెంకేర్ అంచనా వేశాడు. కచ్చితంగా చెప్పలేనన్నాడు కూడా. ఆ అంచనా దాదాపు సరైనదే. మూడు నెలలు నీళ్ళు తప్ప ఏమీ చూడని మనిషి అంత దగ్గరగా చెప్పాడు.

ఆ పట్టిక ఎక్కడిది? అబ్రహాం జకూతో అనే యూదు ఖగోళ శాస్త్రజ్ఞుడిది. 1492లో స్పెయిన్ యూదులను వెళ్ళగొడితే పోర్చుగల్ చేరాడు. అంతకుముందే అతని లెక్కలు పోర్చుగల్‌లో వాడుకలోకి వచ్చాయి. రెండో జొవావ్ రాజు 1485లో జుజె విజిన్యు అనే వైద్యుణ్ణి గినీ తీరానికి పంపి, సూర్యుణ్ణి కొలిచి అక్షాంశాలు రాసుకు రమ్మన్నాడు. 1496లో జకూతో పట్టికలు అచ్చయ్యాయి. ఆ డిసెంబరులోనే పోర్చుగల్ కూడా యూదులు మతమైనా మారాలి, దేశమైనా వదలాలి అంది. జకూతో ట్యూనిస్‌కు వెళ్ళిపోయాడు. అతని లెక్కలు మాత్రం రాజు ఓడల్లోనే ఉండిపోయాయి. ఇది చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

నా దృష్టిలో పోర్చుగీసు రాజ్యం చేసిన అసలు పని ఇదే. పండితుడి దగ్గరున్న లెక్కను చదువు అంతంతమాత్రమైన నావికుడు కూడా చేయగలిగేలా చేసింది. ఈ రోజు ఈ అంకె, నీడ ఉత్తరానికి పడితే కలుపు, దక్షిణానికి పడితే తీసెయ్యి అన్న పద్ధతిలో సూచనలు రాసిచ్చింది. పోయిన ఓడ ఏం చూసిందో రాయించి, తర్వాతి ఓడకు ఇచ్చింది. అయితే ఇదంతా అక్షాంశం దాకానే. తూర్పు పడమరల్లో ఎంత దూరం వచ్చారో తేల్చే ఉపాయం పద్దెనిమిదో శతాబ్దం దాకా లేదు. అందుకే కావలసిన అక్షాంశం మీదికి ముందే చేరి, ఆ గీత వదలకుండా తూర్పుకో పడమటికో నేల తగిలేదాకా పోయేవాళ్ళు.

ఇంత నేర్చినవాడు మన సముద్రంలోకి వచ్చి ఏమయ్యాడో చూడండి. ఆఫ్రికా తూర్పు తీరంలో మలింది రాజు గామాకు దారి తెలిసిన సరంగును ఇచ్చాడు. గుజరాతీవాడని కొన్ని పాత చరిత్రలు చెబుతాయి. 1498 ఏప్రిల్ 24న బయలుదేరితే మే 18కి మలబారు కొండలు కనబడ్డాయి. నైరుతి గాలి మొదలయ్యే సమయం, ఇరవై నాలుగు రోజుల్లో సముద్రం దాటేశారు.

తిరుగుప్రయాణానికి సరంగు మాట వినే పరిస్థితి లేదు. కళ్ళికోట రాజు జామొరిన్‌తో చెడింది, ఆగస్టు 29న కళ్ళికోట వదిలారు. కార్వార్ దగ్గరి అంజదీవ్ దీవిలో కొన్నాళ్ళు ఆగి, అక్టోబరు 5న సముద్రం మీద పడ్డారు. ఈశాన్యపు గాలి ఇంకా నిలదొక్కుకోలేదు. ఒకరోజు గాలి ఉండదు, మరోరోజు ఎదురుగాలి. 24 రోజుల్లో దాటిన సముద్రం దాటడానికి మూడు నెలలకు మూడు రోజులు తక్కువ పట్టింది. చిగుళ్ళు పళ్ళమీదికి పొంగి ఏమీ తినలేని స్థితి, కాళ్ళు వాచిపోయాయి. స్కర్వీ. ఆ ప్రయాణంలోనే ముప్పై మంది పోయారు, అంతకుముందు పోయిన ముప్పై మంది కాక. ఒక్కో ఓడలో పనిచేయగలిగినవాళ్ళు ఏడెనిమిది మంది మిగిలారని యాత్రలో ఉన్నవాడే రోజువారీ రాతల్లో రాశాడు. 1499 జనవరి 2న ఆఫ్రికా కనబడింది. నడపడానికి మనుషులు చాలక సావ్ రఫాయెల్ అనే ఓడను వాళ్ళే తగలబెట్టారు. ఆకాశం లెక్క ఎంత తెలిసినా, ఇక్కడి గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలియక, తెలిసినవాడి మాట వినక, ముప్పై మంది మనుషుల్ని పోగొట్టుకున్నారు. మరుసటి యాత్రల వాళ్ళు ఈ పాఠం మరిచిపోలేదు, ఇక్కడి ఋతువు చూసుకుని ప్రయాణం కట్టారు.

రావడం, పోవడం వచ్చేసింది. మరి పెత్తనం ఎలా వచ్చింది? మిరియాలు కొనుక్కుని పోవడానికైతే వ్యాపారి చాలు. కానీ వాళ్ళ దగ్గర ఇక్కడివాళ్ళకు నచ్చే సరుకు లేదు. గామా తెచ్చిన బట్టలూ తేనే నూనే చూసి జామొరిన్ కొలువులో నవ్వారు. సరుకుతో గెలవలేనివాడు ఫిరంగి తీశాడు. 1500 డిసెంబరులో కబ్రాల్ తన మనుషుల్ని చంపారని కళ్ళికోటను రెండు రోజులు సముద్రం మీద నుంచే కొట్టాడు. ఊరివాళ్ళకు ఒడ్డున కోటలూ సైన్యమూ ఉండొచ్చు, సముద్రం మీద కదిలే కోటను ఏం చేస్తారు? అరేబియా సముద్రపు ఓడలు చాలావరకు పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టి కట్టినవి. ఇసుకమేటకు తగిలినా విరగకుండా వంగుతాయి, వ్యాపారానికి ఎంతో అనువు. బరువైన ఫిరంగి పేలినప్పటి వెనుదెబ్బకు మాత్రం ఆ కుట్లు ఆగవు. పోర్చుగీసు ఓడలు ఇనుప మేకులు దిగ్గొట్టిన గట్టి చట్రాలవి. 1509 ఫిబ్రవరి 3న దీవ్ రేవు దగ్గర ఈజిప్టును ఏలే మామ్లూకులు, గుజరాత్, కళ్ళికోట కలిసి ఎదిరిస్తే పోర్చుగీసు వైస్రాయి అల్మైదా ఓడించాడు. మామ్లూకులకు తమ నేల మీద కలపే లేదు, బయటినుంచి తెప్పించి సూయెజ్‌లో ఓడలు కట్టుకున్నారు. 1510లో గోవా, 1511లో మలక్కా, 1515లో హోర్ముజ్ పోర్చుగీసుల చేతికి వచ్చాయి.

దీన్ని మరీ పెద్దది చేసి చెప్పకూడదు. 1513లో ఎర్రసముద్రపు వాకిట ఉన్న ఏడెన్ మీద దాడి చేసి ఓడిపోయారు. ఎర్రసముద్రపు వాకిలి తెరిచే ఉండిపోయింది, శతాబ్దం మధ్యకొచ్చేసరికి మిరియాలు మళ్ళీ ఆ దారిన పోతున్నాయి. ఫిరంగి గుండు పడే మేర దాటితే లోపలి నేల మీద వాళ్ళకు చెల్లుబాటు లేదు. వాళ్ళు ఏలింది రేవుల్ని, వాటి మధ్య దారుల్ని.

దారిని ఏలడమంటే ఒక కాగితం. దాని పేరు కర్తాజ్. సముద్రం మీద తిరిగే ప్రతి వ్యాపారి ఓడ పోర్చుగీసు వాళ్ళ దగ్గర ఆ చీటీ తీసుకోవాలి. ఓడ పేరు, దాని నాయకుడి పేరు, ఎటు పోతోంది, ఏ ఆయుధాలున్నాయి అన్నీ అందులో రాస్తారు. ఫలానా సరుకు ఎక్కించకూడదంటారు, వాళ్ళ రేవులో ఆగి సుంకం కట్టమంటారు. చీటీ లేకుండా దొరికితే ఓడా సరుకూ జప్తు.

"మన ఊరి ఓడలు కూడానా మావయ్యా?" అని అడిగింది. అవును, తర్వాత్తర్వాత గోల్కొండ సుల్తాను హయాంలో బందరు నుంచి పోయే ఓడలకూ ఆ చీటీ తీసుకోక తప్పలేదు. మక్కా యాత్రకు పోయే మొగలు ఓడలకూ అంతే, ఆ కాగితం మీద మేరీమాత, యేసు బొమ్మలుంటాయని ముల్లాలు అభ్యంతరం చెప్పినా.

మర్నాడు మేనకోడల్ని మోటుపల్లి తీసుకెళ్ళాను, బాపట్ల అవతల. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఆ ఊరిదే. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా మునుపటి రాజులు లాక్కునేవారని, ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగేవాళ్ళకు సొమ్ము ప్రాణంకంటే ఎక్కువని, అందుకని తాను సుంకం తప్ప ఏమీ పుచ్చుకోనని అందులో రాయించాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. గుడి నీడలో కూర్చుని ఆ పిల్ల తన పేరా మళ్ళీ మొదటినుంచీ రాసుకుంది. "దిక్సూచి" అన్న మాట కొట్టేసి, "తిరుగు గాలి" అని మొదలుపెట్టింది.